పరిచయమా? పట్టాభిషేకమా?

బంటుమిల్లి వంటి ఊళ్లో గ్రంథాలయ వార్షికోత్సవమో, సహకార సంఘ రజతోత్సవమో, కళాశాల వార్షిక దినోత్సవమో జరిగితే ముఖ్య అతిథిగా శాసనసభ్యులో, మంత్రివర్యులో, జిల్లా పరిషత్తు అధ్యక్షులో వేదిక మీద ఉండడం పరిపాటి. ఆ అతిథిని సభకు పరిచయం చేసే బాధ్యత సాధారణంగా తెలుగు అధ్యాపకునికో, మాట చక్కగా పలికే విద్యార్థికో దక్కుతుంది. రెండు నిమిషాల పని. అయినా సభలో జరిగే పనులన్నింటిలోకీ ఎక్కువగా గాడి తప్పేది ఇదే. స్వాగతం పలికినవారు తప్పు చేస్తే జనం నవ్వి ఊరుకుంటారు. వందన సమర్పణలో ఒక పేరు మరచిపోతే ఒక్కరే నొచ్చుకుంటారు. పరిచయం హద్దు మీరితే మాత్రం ఆ సంస్థ మీద ఒక రంగు పడుతుంది. మరుసటి ఏడు చందా పుస్తకం పట్టుకొని ఊళ్లోకి వెళ్లినప్పుడు ఆ రంగు ఎంత చిక్కనిదో తెలిసివస్తుంది.

కారణం స్పష్టమే. గ్రంథాలయానికి పుస్తకాలిచ్చినవారిలో, కాలువగట్టున స్థలం ఇచ్చినవారిలో, కుర్చీలు మోసిన కుర్రవాళ్లలో అన్ని పార్టీలవారూ ఉంటారు. వరిచేల రైతులూ, చేపల చెరువుల యజమానులూ, బడి పంతుళ్లూ ఒకే చాప మీద కూర్చునే చోటు అది. అతిథిని పిలిచింది ఆయన పదవిని బట్టి. ఆయన పార్టీని ఆ సంస్థ ఎన్నుకోలేదు. పరిచయకర్త నోట "మన ప్రియతమ నాయకులు" అన్న మాట వెలువడగానే ఆ "మన"లో తాము లేమని సభలో సగంమందికి అనిపిస్తుంది. వారు లేచి వెళ్లిపోరు, పెద్దమనుషులు కనుక చప్పట్లు కూడా కొడతారు. వచ్చే సభకు రారు.

ఇందులో మన సాహిత్య సంప్రదాయం పాత్ర కూడా కొంత ఉన్నది. ప్రాచీన కావ్యాల అవతారికలలో కృతిపతి వంశవర్ణన ఉంటుంది. ఆయన తాత ముత్తాతల దానధర్మాలు, శౌర్యప్రతాపాలు పద్యాలలో సాగి, చివర షష్ఠ్యంతాలతో కావ్యం ఆయనకు అంకితమవుతుంది. రాజుగారి కొలువులో వందిమాగధుల కైవారం మరొకటి. ఈ రెండూ మన చెవులలో ఇంకా మోగుతూనే ఉన్నాయి. మైకు ముందు నిలిచిన వ్యక్తి తనకు తెలియకుండానే "అపర భగీరథులు", "దీనజన బాంధవులు", "అభివృద్ధి ప్రదాత" అంటూ కైవారం మొదలుపెడతాడు. కృతికర్తకు కృతిపతి అగ్రహారమిచ్చాడు కనుక ఆ పొగడ్తకు ఒక అర్థం ఉన్నది, ఆ కావ్యం కృతిపతి సొత్తు. గ్రంథాలయ సభ మాత్రం ఏ ఒక్కరికీ అంకితం కాదు. ఇంకొక మాట. వంశవర్ణన అలవాటు వల్ల "ఫలానా వారి వంశంలో జన్మించి" అన్న వాక్యం నేటికీ పరిచయాలలో దొర్లుతున్నది. ఈ రోజులలో ఆ వాక్యం మోసుకువచ్చేది కులం పేరే. అతిథి తల్లిదండ్రులు ఆ సంస్థకు స్వయంగా ఏదైనా చేసి ఉంటే తప్ప ఆ ఊసు అక్కరలేదు.

పొగడ్త వద్దంటే ముభావంగా ఉండమని కాదు. పేరు, పదవి చదివి కూర్చుంటే అది ఆహ్వానించి అవమానించినట్లే. తటస్థతకూ మర్యాదకూ నడుమ విరోధం ఉన్నదని చాలామంది భావిస్తారు. నిజానికి ఈ రెండింటినీ కలిపి ఉంచేది ఒకటే, నిర్ధారించుకున్న వాస్తవం. "గొప్ప సేవ చేశారు" అన్న మాటను ఎదుటి పక్షంవారు కాదనగలరు. ఫలానా సంవత్సరంలో ఫలానా సంస్థను స్థాపించారన్న మాటను ఎవ్వరూ కాదనలేరు. పైగా అతిథికి గౌరవం కలిగించేది కూడా రెండవ వాక్యమే. విశేషణాలు ఆయన రోజూ వింటూనే ఉంటారు, తన పనిని శ్రద్ధగా తెలుసుకొని చెప్పేవారు ఆయనకు అరుదుగా ఎదురవుతారు.

దీనిని ఒక ఉదాహరణతో పరిశీలించడం మేలు. బందరులో జీవితం గడిపిన డాక్టర్ భోగరాజు పట్టాభి సీతారామయ్యను తీసుకుందాం. 1880లో గుండుగొలనులో జన్మించిన ఆయన మద్రాసులో వైద్యవిద్య అభ్యసించి, బందరులో వైద్యవృత్తి చేపట్టారు. ముట్నూరి కృష్ణారావు, కోపల్లె హనుమంతరావులతో కలిసి ఆంధ్ర జాతీయ కళాశాల స్థాపనకు పాటుపడ్డారు. 1923లో బందరులో ఆంధ్రా బ్యాంకును స్థాపించారు. 1935లో కాంగ్రెసు చరిత్రను ఆంగ్లంలో రచించారు. 1939లో కాంగ్రెసు అధ్యక్ష పదవికి పోటీచేసి సుభాష్ చంద్రబోసు చేతిలో ఓడిపోయారు, ఆ ఓటమి తనదేనని గాంధీజీ ప్రకటించారు. 1948లో జయపురం కాంగ్రెసుకు అధ్యక్షులయ్యారు. నెహ్రూ, వల్లభభాయి పటేలులతో పాటు భాషారాష్ట్రాల విషయం పరిశీలించిన ముగ్గురు సభ్యుల సంఘంలో ఉన్నారు. 1952 నుంచి 1957 వరకు మధ్యప్రదేశ్ గవర్నరుగా పనిచేశారు.

ఇప్పుడు ఒక ఊహ చేద్దాం. 1954లో ఆయన గవర్నరు హోదాలో బందరు వచ్చారనీ, ఒక సహకార పరపతి సంఘం తన వార్షిక సభకు ఆయనను పిలిచిందనీ అనుకుందాం. ఇది జరిగిన సంఘటన కాదు, అభ్యాసం కోసం కల్పించుకున్న సన్నివేశం. అయితే ఆ నాటి సభలో ఎవరెవరు కూర్చుని ఉంటారో ఊహించడం కష్టం కాదు. 1952 ఎన్నికలలో కృష్ణా జిల్లాలో కమ్యూనిస్టులు బలంగా గెలిచారు, వారి అభిమానులు ఆ సభలో తప్పక ఉంటారు. బోసును ఆరాధించే యువకులు ఉంటారు. భాషారాష్ట్రాల సంఘం 1949లో ఇచ్చిన నివేదిక మద్రాసు నగరం మీద ఆశ వదులుకుంటేనే ఆంధ్రరాష్ట్రం వీలవుతుందన్నది కనుక, 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రం మద్రాసు లేకుండానే ఏర్పడినప్పుడు బాధపడిన పెద్దలూ ఉంటారు. వారందరూ ఆ సంఘం సభ్యులే. వారి పొదుపు డబ్బే ఆ సంఘం మూలధనం.

ఈ సభలో పరిచయకర్త ఏమి చెప్పాలి? ఇలా చెబితే సరిపోతుంది:

"సభకు నమస్కారం. నేటి మన అతిథి మధ్యప్రదేశ్ రాష్ట్ర గవర్నరు. ఆ పదవికి ముందే ఈ ఊరికి ఆయన బాగా తెలిసినవారు, ఈ వీధులలోనే వైద్యునిగా పనిచేశారు. సామాన్యుని చిన్న పొదుపు కూడా ఒక సంస్థకు బలం కాగలదని నమ్మి, 1915లో కృష్ణా సహకార కేంద్ర బ్యాంకు, 1923లో ఇదే పట్టణంలో ఆంధ్రా బ్యాంకు నెలకొనడానికి కారకులయ్యారు. భీమా రంగంలోనూ సంస్థలను నిలబెట్టారు. జాతీయ కళాశాల వ్యవస్థాపకులలో ఒకరు. గ్రంథకర్త. పరపతి సంఘాలు ఎందుకు నిలబడతాయో, ఎందుకు కూలిపోతాయో అనుభవంతో చెప్పగల వ్యక్తి కనుక మన సంఘం ఆయనను ఆహ్వానించింది. డాక్టర్ భోగరాజు పట్టాభి సీతారామయ్యగారిని ప్రసంగించవలసిందిగా సవినయంగా కోరుతున్నాను."

ఈ పరిచయాన్ని నిదానంగా చదివినా నిమిషం దాటదు. ఇందులో ఒక్క విశేషణం కూడా అతిశయోక్తి కాదు, అయినా వింటున్నవారికి ఆయన పట్ల గౌరవం కలుగుతుంది. వదిలిన విషయాలను గమనించాలి. 1939 పోటీ ప్రస్తావన లేదు. అది దాచవలసినది కాదు, చరిత్ర. కానీ ఆ పేరు తలచుకోగానే సభ రెండుగా చీలుతుంది, పొదుపు సంగతి మరుగున పడుతుంది. భాషారాష్ట్రాల నివేదిక కూడా లేదు. దానిని మెచ్చుకున్నా, తప్పుపట్టినా అది రాజకీయ ప్రసంగమే అవుతుంది. 1948 అధ్యక్ష పదవిని గురించి మాత్రం రెండు అభిప్రాయాలు ఉండవచ్చు. అంత పెద్ద పదవిని చెప్పకపోవడం లోపమని కొందరంటారు. సభ చరిత్ర పరిషత్తుదైతే ఆ మాట నిజమే, అక్కడ దానిని సంవత్సరంతో సహా ఒక్క వాక్యంలో చెప్పాలి. సహకార సంఘ సభలో మాత్రం దానిని వదిలివేయడమే ఉచితం. పైగా గవర్నరు పదవి పార్టీకి అతీతమైనది. ఆ పదవిలో ఉన్న వ్యక్తిని పాత పార్టీ పదవితో పరిచయం చేస్తే ఆయనకే ఇబ్బంది.

ఈ ఎంపికకు ఒక సులువైన పరీక్ష ఉన్నది. రాసుకున్న పరిచయంలో ప్రతి వాక్యం దగ్గరా ఆగి, ఎదుటి పక్షానికి చెందిన ఒక మర్యాదస్తుడు మొదటి వరుసలో కూర్చొని ఉన్నాడని తలచుకోవాలి. ఆ వాక్యం విని ఆయన ముఖం పక్కకు తిప్పుకుంటాడా? అయితే ఆ వాక్యం కొట్టివేయాలి. తరువాత అదే వాక్యం దగ్గర అతిథిని తలచుకోవాలి. "నన్ను ఎందుకు పిలిచారో వీరికే తెలియదు" అని ఆయనకు అనిపిస్తుందా? అయితే ఒక వాస్తవం చేర్చాలి. మొదటి పరీక్ష తటస్థతకు, రెండవది మర్యాదకు. రెండింటికీ నిలిచిన వాక్యాలు ఆరో ఏడో మిగులుతాయి. రెండు నిమిషాలకు అవి చాలు.

వాస్తవాలు ఎక్కడ దొరుకుతాయన్నది తరువాతి ప్రశ్న. అతిథి కార్యాలయం పంపే జీవిత విశేషాల కాగితం ఉపయోగపడుతుంది, కానీ దానిని యథాతథంగా చదవరాదు. అది ఎన్నికల కరపత్రం కోసం తయారైనదై ఉండవచ్చు. పేరు సరిగ్గా ఎలా పలకాలో, ప్రస్తుత పదవి ఏమిటో ఆయన వ్యక్తిగత సహాయకుని అడిగి రాసుకోవాలి. మంత్రుల శాఖలు మారుతూ ఉంటాయి కనుక సభ రోజు ఉదయం మరొకసారి అడగడం తప్పు కాదు. నియోజకవర్గం పేరు విషయంలో ప్రత్యేకమైన జాగ్రత్త అవసరం. బంటుమిల్లి నేడు పెడన శాసనసభ నియోజకవర్గంలో ఉన్నది. 2009 ఎన్నికలకు ముందు ఈ ప్రాంతం మల్లేశ్వరం నియోజకవర్గంలో ఉండేది. కాబట్టి 2004లో గెలిచిన వ్యక్తిని "పెడన మాజీ శాసనసభ్యులు" అని పరిచయం చేస్తే, వినేవారిలో వయసు మళ్లినవారు వెంటనే పొరపాటు పట్టుకుంటారు. అంతటితో మిగిలిన వాస్తవాల మీద కూడా వారికి నమ్మకం సడలుతుంది.

బిరుదుల సంగతి కొంచెం వివరంగా చెప్పుకోవాలి. భారత రాజ్యాంగం 18వ అధికరణం బిరుదులను రద్దు చేసింది. పద్మ పురస్కారాలు బిరుదులు కావనీ, కనుక వాటిని పేరుకు ముందుగానీ వెనుకగానీ తగిలించరాదనీ సుప్రీంకోర్టు 1995లో తీర్పు చెప్పింది. అంటే "పద్మశ్రీ ఫలానాగారు" అనడం సరికాదు, "పద్మశ్రీ పురస్కారం పొందిన ఫలానాగారు" అనాలి. ఒక చలనచిత్రంలో నటుల పేర్లకు ముందు ఈ మాట వేసినందుకు 2013లో వివాదం మన ఉన్నత న్యాయస్థానం దాకా వెళ్లింది. అలాగే రాష్ట్రపతిని, గవర్నర్లను ఆంగ్లేయుల కాలపు సంబోధనతో "ఘనత వహించిన" అనే పద్ధతిని 2012లో రాష్ట్రపతి కార్యాలయమే సడలించి, దేశంలోని సభలలో "గౌరవనీయ" అంటే చాలునన్నది. మంత్రికైనా, శాసనసభ్యునికైనా పేరుకు ముందు "శ్రీ" లేదా "శ్రీమతి", పేరు చివర "గారు" ఉంటే మర్యాదకు లోటు రాదు. "గౌరవనీయ" అన్న మాట ఒకసారి చాలు. ప్రతి వాక్యానికీ దానిని వాడితే అది మర్యాదగా ధ్వనించదు, భయంగా ధ్వనిస్తుంది.

పార్టీ పేరు చెప్పవచ్చునా? పదవి ఉన్నవారి విషయంలో అక్కరలేదు. ఎన్నికైన సభ్యుడు తనకు ఓటు వేసినవారికీ, వేయనివారికీ ప్రతినిధి, ఆ హోదాలోనే సంస్థ ఆయనను పిలిచింది. ఏ పదవీ లేని పార్టీ నాయకుడు అతిథి అయినప్పుడు మాత్రం పార్టీ పదవే ఆయన గుర్తింపు. అప్పుడు దానిని దాచడం కపటం. "ఫలానా పార్టీ జిల్లా అధ్యక్షులు" అని ఒకసారి పూర్తి పేరుతో చెప్పి ముందుకు సాగాలి. పార్టీ మారిన వ్యక్తి విషయంలో పాత పార్టీ, కొత్త పార్టీ రెండూ వదిలివేసి, ఏ సంవత్సరం నుంచి ఏ సంవత్సరం వరకు ఏ పదవిలో ఉన్నారో చెప్పితే చాలు. ఆ మాటలో ఎత్తిపొడుపు ఎక్కడా దొరకదు.

అసలు చిక్కు కృతజ్ఞతతో వస్తుంది. ఆ సంస్థకు అతిథి వల్ల ఏదో మేలు జరిగి ఉంటుంది, గ్రంథాలయానికి ఒక గది వచ్చి ఉంటుంది. ఆ మాట చెప్పకపోతే కృతఘ్నత. "తమ జేబు నుంచి ఇచ్చినట్లు" చెప్పితే అబద్ధం. పార్లమెంటు సభ్యుల స్థానిక ప్రాంత అభివృద్ధి పథకం 1993లో ప్రారంభమైంది. ఆ నిధులు ప్రజల సొమ్ము. సభ్యుడు పనిని సిఫార్సు చేస్తాడు, జిల్లా యంత్రాంగం మంజూరు చేసి అమలు జరుపుతుంది. కాబట్టి "మనకు పది లక్షలు ఇచ్చారు" అనరాదు. "వారి సిఫార్సు మేరకు పార్లమెంటు సభ్యుల నిధుల నుంచి ఈ గది నిర్మాణమయింది" అనాలి. ఈ వాక్యం అతిథిని తగ్గించదు. ఆయన చేసిన పని ఆయనకు దక్కింది, ప్రజల సొమ్ము ప్రజలకు దక్కింది. మరొక దాత సొంత సొమ్ముతో బీరువాలు కొనియిచ్చి ఉంటే ఆ మాటను "విరాళం" అనాలి. ఈ రెండు మాటలనూ ఒకే చోట కలిపివేసినప్పుడు సొంత సొమ్ము ఇచ్చిన దాత మనసులో నొచ్చుకుంటాడు. పైకి అనడు.

వేదిక మీద భిన్న పక్షాల అతిథులు ఇద్దరుంటే పరిచయాల నిడివి సమానంగా ఉండాలి. ఒకరికి ఎనిమిది వాక్యాలు, మరొకరికి మూడు వాక్యాలు అయితే వాస్తవాలు ఎంత నిష్పక్షపాతంగా ఉన్నా పక్షపాతం కనిపిస్తుంది. ఎవరిని ముందు పరిచయం చేయాలన్నది మరో పేచీ. కేంద్ర ప్రభుత్వం 1979లో ప్రకటించిన హోదాల వరుసలో రాష్ట్రంలోని క్యాబినెట్ మంత్రి పార్లమెంటు సభ్యుని కన్నా ముందుంటారు. ఆ జాబితా ప్రభుత్వ వేడుకలకే వర్తిస్తుంది, అయినా దానినే అనుసరిస్తున్నామని ముందుగా ఇరువురి సహాయకులకూ తెలియజేస్తే వేదిక మీద గుసగుసలు ఉండవు. ఎన్నికల ప్రవర్తనా నియమావళి అమలులోకి వచ్చిన తరువాత సభ జరపవలసి వస్తే అభ్యర్థులను వేదిక మీదికి పిలవకపోవడమే మేలు. ఆ రోజులలో పరిచయం ఎంత జాగ్రత్తగా రాసినా అది ప్రచారంగానే వినిపిస్తుంది.

ఒక్కొక్కప్పుడు పరిచయం అంతా సవ్యంగా సాగి, అతిథి మైకు అందుకోగానే ప్రతిపక్షాన్ని దుయ్యబట్టడం మొదలుపెడతారు. అప్పుడు పరిచయకర్త మళ్లీ లేచి సర్దిచెప్పబోవడం, ముఖం చిట్లించడం రెండూ పొరపాట్లే. ఆ ప్రసంగానికి బాధ్యత అతిథిదే. వందన సమర్పణ చేసేవారు మాత్రం ఆ ప్రసంగంలో గ్రంథాలయం గురించి వచ్చిన రెండు మాటలను ఏరుకొని, వాటికి కృతజ్ఞత చెప్పి, తరువాతి అంశానికి సాగిపోవాలి. అలాంటి రెండు మాటలు లేకపోతే "తమ విలువైన సమయాన్ని కేటాయించినందుకు" అన్నది చాలు.

చివరగా పేరు ఎప్పుడు పలకాలన్న చిన్న విషయం. చాలామంది పేరుతో మొదలుపెట్టి, ఆపై వివరాలలోకి దిగుతారు. పదవి ముందు, పని తరువాత, సభకూ ఆయనకూ గల సంబంధం ఆ వెనుక, పేరు చివరన వస్తే బాగుంటుంది. పేరు వినగానే చప్పట్లు మోగుతాయి. అతిథి లేస్తారు. పరిచయకర్త కాగితం మడుచుకొని, మైకు ఎత్తు సరిచేసి, ఒక అడుగు పక్కకు తప్పుకుంటారు.